పద్యాల ఛానెల్‌కు ట్రైలర్ రాయడం: డెబ్బై ఐదు సెకన్ల స్క్రిప్టు, అక్షరాల లెక్కతో సహా

మా మేనత్త హనుమకొండలో ముప్పయ్యేళ్లు తెలుగు చెప్పి రిటైరైంది. కరోనా రోజుల్లో ఫోన్ ముందు కూర్చుని పద్యాలు చదవడం మొదలుపెట్టింది, ఇప్పటికీ చదువుతూనే ఉంది. ఛానెల్‌కు ఒక ట్రైలర్ ఉండాలని ఎవరో చెబితే తనే రాసుకుంది. అది ఇలా మొదలయ్యేది: "సాహితీ ప్రియులందరికీ నమస్సుమాంజలులు. తెలుగు పద్య సుమాల పరిమళాన్ని మీ ముంగిట నిలపాలనే చిరు సంకల్పంతో..." మొత్తం రెండు నిమిషాల నలభై సెకన్లు. అందులో మొదటి పద్యం వినపడేది దాదాపు రెండో నిమిషంలో. యూట్యూబ్ గ్రాఫ్‌లో చూస్తే ఆ పద్యం దాకా ఆగినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది కూడా లేరు. మిగతావాళ్లంతా సుమాల పరిమళం దగ్గరే లేచి వెళ్లిపోయారు.

దాన్ని పక్కన పెట్టి కొత్తది రాశాం. నాలుగు సార్లు తిరగరాస్తే డెబ్బై ఐదు సెకన్లకు వచ్చింది. ఆ నాలుగు తిరగరాతల్లో ఏం చేశామో, ఎందుకు చేశామో ఇక్కడ చెబుతున్నాను. మీరు పద్యం చదివినా, వచన కవిత చదివినా, రెండూ చదివినా దారి ఇదే. మారేది కవిత ఎంపిక ఒక్కటే.

ట్రైలర్ ఎవరికి కనపడుతుంది

ముందు ఇది తెలియాలి. సబ్‌స్క్రైబ్ చేసుకోనివాళ్లు ఛానెల్ పేజీకి వచ్చినప్పుడు పైన ఆడే వీడియో ఇది. ఇప్పటికే చేసుకున్నవాళ్లకు అక్కడ వేరే వీడియో పెట్టుకోవచ్చు. అంటే ట్రైలర్ చూసే మనిషి మీ వీడియో ఏదో ఒకటి ఎక్కడో విని, బాగుందే అనుకుని, పేరు మీద నొక్కి వచ్చి ఉంటాడు. పద్యం గొప్పదనం అతనికి చెప్పాల్సిన పని లేదు. ఇలాంటివి ఇంకా ఉన్నాయా, ఎప్పుడెప్పుడు వస్తాయి, అర్థం చెబుతారా లేక చదివి వదిలేస్తారా, ఎంతసేపు ఉంటుంది. అతను అడిగేవి ఈ నాలుగే. స్క్రిప్టులో ప్రతి వాక్యం పక్కన ఈ నాలుగింటిలో ఏ ప్రశ్నకు జవాబో పెన్సిల్‌తో రాయండి. ఏదీ రాయలేకపోతే ఆ వాక్యం కొట్టేయండి. అత్తమ్మ పాత స్క్రిప్టుకు ఈ పరీక్ష పెడితే పదహారు వాక్యాల్లో రెండు మిగిలాయి.

మొదటి పని: ఉన్నది లెక్కపెట్టడం

రాయడానికి కూర్చునే ముందు ఛానెల్ తెరిచి ఉన్న వీడియోలన్నీ కాగితం మీద రాయండి. ఏం ఇస్తామని మనసులో ఉందో కాదు, ఇప్పటిదాకా ఏం ఇచ్చామో చూడాలి. అత్తమ్మ ఛానెల్‌లో అప్పటికి ఇరవై ఆరు వీడియోలు. పందొమ్మిది పద్యాలు, నాలుగు వచన కవితలు, రెండు సభల రికార్డింగులు, ఒకటి బతుకమ్మ పూట ఇంట్లో తీసింది. ఆమె పాత ట్రైలర్‌లో మాత్రం "పద్యం, గద్యం, అవధానం, జానపదం" అని ఉంది. అవధానం వీడియో ఒక్కటీ లేదు. జానపదం అంటే ఆ బతుకమ్మ వీడియోనే.

"ముందు ముందు జేస్త గదరా" అంది.

చేసినప్పుడు ట్రైలర్ మార్చుకోవచ్చు. ఇవాళ వచ్చినవాడు అవధానం కోసం కిందికి జరిపి చూసి, లేకపోతే వెళ్లిపోతాడు, మళ్లీ రాడు. ఇరవై ఆరులో పందొమ్మిది పద్యాలైతే మాట ఇవ్వాల్సింది పద్యం మీదే. నాలుగు వచన కవితలూ ఊళ్లోని కవులు తమవి తామే చదివినవి, ఇంచుమించు నెలకొకటి వచ్చాయి. కాబట్టి అది రెండో మాట. సభలు, బతుకమ్మ ట్రైలర్‌లోకి రావు.

తర్వాత తేదీలు చూశాం. పందొమ్మిది పద్యాలూ ఒక్కో వారం ఒక్కో రోజు ఎక్కాయి, మధ్యలో నెల ఖాళీ కూడా ఉంది. ట్రైలర్‌లో "ప్రతి శుక్రవారం" అనాలంటే చేతిలో సరుకు ఉండాలి. అందుకని ముందు నాలుగు పద్యాలు రికార్డ్ చేసి దాచుకున్నాకే ఆ మాట స్క్రిప్టులోకి ఎక్కించాం. అంత నిల్వ మీ దగ్గర లేకపోతే వారం పేరు చెప్పకండి. "వారానికొకటి" అన్నా చాలు. చెప్పిన రోజు తప్పడం కన్నా చెప్పకపోవడం నయం.

రెండో పని: ట్రైలర్‌లో వినిపించే పద్యం

పద్యం తప్పకుండా వినపడాలి, అది కూడా మొట్టమొదట. ఏ పద్యం అనే దాని మీదే మాకు రెండు రోజులు పట్టింది.

అత్తమ్మకు మనసంతా ఒక పెద్ద సీసం మీద. సీసం మామూలుగా చదివినా నిమిషం దగ్గరికి పోతుంది, రాగం తీస్తే ఇంకా ఎక్కువ. మధ్యలో కోస్తే ఛందస్సు తెలిసినవాళ్లకు ముల్లు గుచ్చుకున్నట్టు ఉంటుంది. ట్రైలర్‌కు కందం, ఆటవెలది, తేటగీతి లాంటి చిన్నవే పనికొస్తాయి. కందానికి లెక్క కూడా తేలిక. గణానికి నాలుగు మాత్రలు, ఒకటి, మూడు పాదాల్లో మూడేసి గణాలు, రెండు, నాలుగు పాదాల్లో ఐదేసి. మొత్తం అరవై నాలుగు మాత్రలు. నిదానంగా, రాగం లేకుండా చదివితే అత్తమ్మకు సెకనుకు మూడు మాత్రలు పడతాయి. అంటే ఇరవై ఒక్క సెకన్లు. డెబ్బై ఐదు సెకన్లలో పద్యానికి ఇంతకన్నా ఎక్కువ ఇస్తే చెప్పాల్సిన మాటకు చోటుండదు.

రెండో విషయం హక్కులు. మన చట్టంలో కవి బతికినంత కాలం, పోయాక మరో అరవై ఏళ్లు కాపీరైటు ఉంటుంది. ఆ అరవై ఏళ్లు కవి పోయిన మరుసటి సంవత్సరం మొదలు నుంచి లెక్క. దాశరథి కృష్ణమాచార్య 1987లో పోయారు, అంటే 2047 చివరి దాకా హక్కులు వారి కుటుంబానివి. కాళోజీ 2002లో పోయారు, అది 2062 చివరి దాకా. మా వైపు ట్రైలర్ అనగానే అందరి నోటా ముందు వచ్చేవి ఈ రెండు పేర్లే. వాళ్ల కవితే కావాలనుకుంటే వారసుల దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. మామూలు వీడియో అయితే ఏదైనా తేడా వచ్చినప్పుడు తీసేసి ఊరుకోవచ్చు. ట్రైలర్ పోతే ఛానెల్ వాకిలి ఖాళీ అవుతుంది. పాత శతకాలు, ప్రబంధాలు, పురాణాల మూలానికి ఈ బాధ లేదు. కానీ పాత పద్యాన్ని కొత్తగా ఎవరో పాడిన రికార్డింగు వాడితే ఆ రికార్డింగు హక్కు వాళ్లది. మీ గొంతే వాడండి.

చివరికి పోతనది తీసుకున్నాం.

పలికెడిది భాగవత మఁట,
పలికించెడివాఁడు రామభద్రుం డఁట, నేఁ
బలికిన భవహర మగునఁట,
పలికెద, వేఱొండు గాథఁ బలుకఁగ నేలా!

దీన్ని ఎంచుకోవడానికి ఒక కొంటె కారణం ఉంది. నేను చెప్పబోయేది ఇది, నా చేత చెప్పించేవాడు ఫలానా, వింటే కలిగే మేలు ఇది, అందుకే ఇదే చెబుతాను, వేరే కథ ఎందుకు అంటున్నాడు కవి. ఛానెల్ ట్రైలర్‌లో ఉండాల్సింది కూడా ఇంచుమించు అంతే, ఆయన అరవై నాలుగు మాత్రల్లో ముగించాడు. అదీగాక బళ్లో చదివినవాళ్లకు మొదటి మాట వినగానే గుర్తొస్తుంది.

దీనితో వచ్చే చిక్కు కూడా చెప్పాలి. రాముడు, భాగవతం వినపడగానే చూసేవాడు ఇది భక్తి ఛానెల్ అనుకుంటాడు. మొదటి తిరగరాతలో సరిగ్గా అదే జరిగింది. వెనక తంబురా శ్రుతి పెట్టాం, తెర మీద దీపం పెట్టాం. చూపించిన ముగ్గురిలో ఇద్దరు "స్తోత్రాలు, ప్రవచనాలు ఉంటాయి" అన్నారు. పద్యం మార్చలేదు గానీ తంబురా తీసేశాం, దీపం తీసేశాం, పద్యం అయిన వెంటనే వచ్చే వాక్యాన్ని చదివే పద్ధతి మీదికి తిప్పాం. అంతటితో ఆ అనుమానం పోయింది. మీరు సుమతి శతకం నుంచో వేమన నుంచో తీసుకుంటే భక్తి చిక్కు ఉండదు గానీ "పిల్లల ఛానెల్" అనుకునే చిక్కు వస్తుంది. ఏ పద్యం తీసుకున్నా దాని వెంటపడి ఒక అపార్థం వస్తుంది. అది ఏమిటో ముందే కనిపెట్టి, తర్వాతి వాక్యంతో దాన్ని కోయాలి.

మూడో పని: మీ గొంతు వేగం కొలవడం

స్క్రిప్టు ఎన్ని పదాలుండాలని అడుగుతుంటారు. తెలుగులో పదాల లెక్క పనికిరాదు. "ఈ" ఒక పదమే, "మరిచిపోయినవాళ్లందరికీ" ఒక పదమే. అక్షరాలు లెక్కపెట్టాలి. వత్తులు, సున్నలు విడిగా లెక్కేయొద్దు, నోటితో ఒక ఊపులో పలికేది ఒక అక్షరం. "అర్థం" రెండు, "శుక్రవారం" నాలుగు.

ఏదో ఒక దినపత్రిక వార్త తీసుకుని, పిల్లలకు చెబుతున్నట్టు ముప్పై సెకన్లు చదివి, ఎక్కడికి వచ్చారో గీత గీసి, అక్షరాలు లెక్కపెట్టండి. అత్తమ్మకు నూట నలభై వచ్చాయి. అంటే సెకనుకు ఐదుకు కాస్త తక్కువ. పద్యానికి ఇరవై ఒకటి, పద్యం అయ్యాక మౌనానికి రెండు, పేరాల మధ్య ఊపిరికి ఐదు నుంచి ఏడు తీసేస్తే మాటలకు మిగిలేది నలభై ఐదు నుంచి నలభై ఏడు సెకన్లు. అంటే దాదాపు రెండు వందల పది అక్షరాలు. అంతకు మించి రాస్తే వేగంగా చదవాల్సి వస్తుంది. పద్యం నిదానంగా చదివి ఆ వెంటనే గబగబా మాట్లాడితే వినేవాళ్లకు ఇద్దరు మనుషులు మాట్లాడినట్టు ఉంటుంది.

నాలుగో పని: రాయడం

ముందు పూర్తయిన స్క్రిప్టు పెడతాను, తర్వాత ఒక్కో ముక్క గురించి.

(నలుపు తెర మీద పద్యం అక్షరాలు. గొంతు ఒక్కటే. పద్యం. 21 సెకన్లు. తర్వాత 2 సెకన్లు మౌనం, మనిషి కనపడుతుంది.)

"నాలుగు పాదాలు. ఇరవై సెకన్లు. రెండో పాదం చివర ‘నే’ దగ్గర నేను ఆగలేదు, గమనించారా? అక్కడ ఆగితే అర్థం తెగిపోతుంది.

ఈ ఛానెల్‌లో చేసేది ఇదే. ప్రతి శుక్రవారం ఒక పద్యం. ముందు చదువుతాను. తర్వాత పదాలు విడదీసి అర్థం చెబుతాను. చివరికి మళ్లీ చదువుతాను. ఆరు నిమిషాలు దాటదు. వెనక సంగీతం ఉండదు.

నెలకోసారి ఇప్పటి కవి ఒకరు తన కవితను తానే చదువుతారు.

నేను హనుమకొండలో ముప్పయ్యేళ్లు తెలుగు చెప్పాను. ఛందస్సు తెలియక్కర్లేదు. బళ్లో చదివి మరిచిపోయిన పద్యం ఒకటి మీకూ ఉండే ఉంటుంది. సబ్‌స్క్రైబ్ చేసుకోండి. శుక్రవారం సాయంత్రం కలుద్దాం."

మాటలు రెండు వందల పది అక్షరాలు. లెక్కపెట్టుకోండి.

దీంట్లో అన్నిటికన్నా ఎక్కువ పని చేసేది ఆ "నే" వాక్యం. రెండో తిరగరాతలో దాని చోట "పద్యాన్ని సరిగ్గా ఎలా చదవాలో, అర్థాన్ని ఎలా గ్రహించాలో తెలుసుకుందాం" అని ఉండేది. అది మాట ఇవ్వడం మాత్రమే. "నే" వాక్యం ఆ మాటను అక్కడికక్కడే నెరవేరుస్తుంది. అచ్చులో రెండో పాదం "నేఁ" తో ముగుస్తుంది, కానీ ఆ మాట మూడో పాదంలోని "బలికిన"తో కలవాలి. మనలో చాలామంది బళ్లో పాదం చివర ఆగడమే నేర్చుకున్నాం, "రామభద్రుండట నే" అని ఆగి, మళ్లీ "బలికిన" అని కొత్తగా ఎత్తుకుంటాం. అత్తమ్మ "రామభద్రుండట" దగ్గర చిన్నగా ఆగి, "నే బలికిన భవహరమగునట" ఒక్క ఊపిరిలో చదువుతుంది. విన్నవాడు ఆ తేడా వినే ఉంటాడు గానీ ఎందుకో తెలియదు. తర్వాతి క్షణంలో ఆ ఎందుకో తెలుస్తుంది. ఈ ఛానెల్‌లో తనకు ఏం దొరుకుతుందో పదమూడు అక్షరాల్లో రుచి చూపించినట్టే.

మీ కవితలో కూడా ఇలాంటి చోటు ఒకటి వెతకండి. వచన కవిత అయితే పంక్తి విరిగే చోట ఆగాలా సాగాలా అనే ప్రశ్న ఎక్కడో ఉంటుంది. యాస కవిత అయితే రాతలో ఒకలా, నోట్లో ఒకలా ఉండే మాట ఉంటుంది. ఆ ఒక్క చోటును చూపించండి. రెండు చూపిస్తే పాఠమైపోతుంది.

"వెనక సంగీతం ఉండదు" అన్నది అత్తమ్మ పట్టుబట్టి పెట్టించింది. లేనిదాన్ని చెప్పడం ఎందుకని నేను వద్దన్నాను. ఆమె మాటే నెగ్గింది, నెగ్గాల్సిందే కూడా. పద్యం వినాలని వచ్చి వేణువు వినలేక వెళ్లిపోయేవాళ్లు ఉన్నారు, వాళ్లకు ఆ మూడు మాటలే పిలుపు. సంగీతం కావాలనేవాళ్లు కూడా అక్కడే తెలుసుకుని వెళ్లిపోతారు, వాళ్లు తర్వాత నిరాశ పడే అవసరం ఉండదు.

పరిచయం చివర్లో వచ్చింది చూశారా. "నేను హనుమకొండలో ముప్పయ్యేళ్లు తెలుగు చెప్పాను." అంతే. పేరు తెర మీద ఉంటుంది, ఛానెల్ పేరులో ఉంటుంది. డిగ్రీలు, సన్మానాలు, బిరుదులు అడిగినవాళ్లు ఎవరూ లేరు. ఇక్కడ మూడో తిరగరాతలో ఇంకో వాక్యం ఉండేది: "ఈ పద్యం రాసిన పోతన ఊరు బమ్మెర మాకు దగ్గరే." నాకు చాలా ఇష్టమైన వాక్యం. పక్క జనగామ జిల్లాలోనే కదా బమ్మెర. దాన్ని తీసేయడానికి రెండు కారణాలు. నాలుగు ప్రశ్నల్లో దేనికీ అది జవాబు కాదు. రెండోది, పోతన ఊరు అనగానే ఒంటిమిట్ట అనేవాళ్లు వస్తారు. ఆ వాదం పాతది, తీరనిది, దానికి ఇంకో వీడియో పెట్టుకోవచ్చు. ట్రైలర్ కింద కామెంట్లన్నీ దానితో నిండితే కొత్తగా వచ్చినవాడికి ఇదేదో గొడవల ఛానెల్ అనిపిస్తుంది.

చివర అడిగేది ఒక్కటే ఉండాలి. లైక్, షేర్, గంట గుర్తు, కామెంట్ అన్నీ ఒకేసారి అడిగితే ఏదీ చేయరు. తేదీతో ముడిపడ్డ మాటలు కూడా పెట్టకండి. "ఈ సెప్టెంబర్ 9 తెలంగాణ భాషా దినోత్సవం నుంచి" అని రాస్తే సెప్టెంబర్ 10 నుంచి ఆ ట్రైలర్ పాతదే.

యాస గురించి ఒక మాట. స్క్రిప్టు నేను పుస్తకాల తెలుగులో రాస్తే అత్తమ్మ చదివేటప్పుడు "చదువుత", "చెప్త" అని వచ్చేస్తుండేది. "ఏదన్న ఒకటి జెప్పు బిడ్డా, గిట్లనా గట్లనా?" అంది. ఛానెల్ వీడియోల్లో ఎలా మాట్లాడతారో ట్రైలర్‌లో అలాగే మాట్లాడాలి. అత్తమ్మ బడి అలవాటు కొద్దీ వీడియోల్లో "చదువుతాను" అనే అంటుంది, కాబట్టి అదే ఉంచాం. మీరు వీడియోల్లో వరంగల్ మాట మాట్లాడితే ట్రైలర్ కూడా వరంగల్ మాటలోనే ఉండాలి.

ఐదో పని: చదవడం, రికార్డ్ చేయడం

ఈ పద్యం మైకుకు శత్రువు. నాలుగు పాదాలూ ప, బ తోనే మొదలవుతాయి. మధ్యలో భాగవతం, భద్రుడు, భవహరం. అన్నీ పెదవులు కలిపి విడిచే అక్షరాలే. భ దగ్గర గాలి దూకి ఫోన్ మైకుకు తగిలితే "ఫట్" మని శబ్దం వస్తుంది. ఫోన్ స్పీకర్‌లో అది వినపడదు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే చెవిలో గుద్దినట్టు వినపడుతుంది. మొదటి రికార్డింగు మొత్తం అందుకే పోయింది. ఫోన్‌ను నోటికి ఎదురుగా కాకుండా జానెడు దూరంలో, చెంప పక్కకు జరిపి పెట్టాక శబ్దం పోయింది. గాలి నేరుగా వెళ్లిపోతుంది, మైకు పక్క నుంచి గొంతు మాత్రమే వింటుంది.

గది సంగతి అందరికీ తెలిసిందే. పరుపు, దుప్పట్లు, బట్టల అల్మరా ఉన్న పడకగది మంచిది, ఖాళీ హాలు పనికిరాదు. ఫ్యాన్ ఆపాలి. మా ఇంట్లో పొద్దున ఐదున్నర తర్వాత గుడి మైకు, ఏడు తర్వాత కుక్కర్ ఈలలు, ఆపైన స్కూల్ ఆటోలు. మధ్యాహ్నం రెండింటికి కుదిరింది.

పద్యాన్ని, మాటలను ఒకేసారి రికార్డ్ చేయండి. పద్యం ఇవాళ, మాటలు రేపు చేస్తే గొంతు, గది రెండూ మారతాయి, అతుకు తెలిసిపోతుంది. మూడుసార్లు మొత్తం చదివి, మూడింటిలో ఒకటి పూర్తిగా వాడండి. ముక్కలు కోసి కలపొద్దు. అరసున్నలను ముక్కుతో పలకకండి. "భాగవతమట" అంతే, "భాగవతమంట" కాదు.

తెర మీద ఏముండాలి

మొదటి ఇరవై సెకన్లు నలుపు తెర మీద పద్యం అక్షరాలు, గొంతుతో పాటు ఒక్కో పాదం. చాలామంది ఫోన్ శబ్దం తగ్గించి ఉంచుకుంటారు, వాళ్లకు అక్షరాలే ఆధారం. పాదాలను అచ్చులో ఉన్నట్టే విడగొట్టాం, "నేఁ" రెండో పాదం చివరే ఉంచాం. అలా ఉంటేనే తర్వాత చెప్పే మాట కంటికి కూడా ఆనుతుంది.

ఇక్కడ అందరికీ ఎదురయ్యేది ఫాంటు తంటా. ఫోన్‌లోని వీడియో ఎడిటింగ్ యాప్‌లు కొన్ని తెలుగు వత్తులను విరగ్గొడతాయి. "భద్రుం" కాస్తా "భద్‌రుం" అవుతుంది, అరసున్న చోట చిన్న డబ్బా వస్తుంది. పద్యాల ఛానెల్‌లో వత్తు విరిగితే అంతకన్నా నవ్వులాట లేదు. యాప్‌లో టైపు చేయకుండా, కంప్యూటర్‌లో స్లైడ్ మీద `Mandali` లేదా `Noto Serif Telugu` ఫాంటులో పద్యం పెట్టి, బొమ్మగా దాచుకుని, ఆ బొమ్మను వీడియోలోకి తెచ్చుకోండి. తర్వాత ప్రతి అక్షరం పుస్తకంతో పోల్చి చూడండి. మేము "వేఱొండు" లో బండి ర బదులు మామూలు ర పెట్టాం, మూడో చూపులో గానీ దొరకలేదు.

వరంగల్ కోట తోరణం, వేయిస్తంభాల గుడి, భద్రకాళి చెరువు డ్రోన్ దృశ్యాలు మొదట్లో పెట్టాలని అందరికీ అనిపిస్తుంది. మా తమ్ముడు తీసుకొచ్చాడు కూడా. అవి చూసినవాడు ఊరు చూపించే ఛానెల్ అనుకుంటాడు. అత్తమ్మ పద్యం పుస్తకం పట్టుకుని, కళ్లజోడు ముక్కు మీదికి జారి, కిటికీ పక్కన కుర్చీలో కూర్చున్న దృశ్యమే మిగతా యాభై సెకన్లూ. అన్ని వీడియోల్లో అదే కుర్చీ కనపడుతుంది కాబట్టి అదే సరైంది.

పెట్టే ముందు పరీక్ష, పెట్టాక చూపు

వీడియోను ముందు `Unlisted`గా ఎక్కించి, లింకు ముగ్గురికి పంపండి. పద్యాలు ఇష్టపడేవాళ్లు ఒకరు, పట్టించుకోనివాళ్లు ఒకరు, పాతికేళ్ల లోపువాళ్లు ఒకరు. బాగుందా అని అడగకండి, బాగుందనే అంటారు. ఒక్కసారి చూడమని, ఫోన్ పక్కన పెట్టమని, "ఈ ఛానెల్‌లో ఏం దొరుకుతుంది, ఎప్పుడు?" అని అడగండి. "శుక్రవారం, పద్యం, అర్థం" అనే మూడు మాటలు వస్తే అయింది. మూడో తిరగరాతలో మా చెల్లెలి కొడుకు "ఏదో పద్యం, అమ్మమ్మ మంచిగ చదివింది" అన్నాడు. శుక్రవారం గుర్తులేదు, ఎందుకంటే అప్పటికి ఆ మాట ఒక్కసారే ఉండేది. చివర్లో "శుక్రవారం సాయంత్రం కలుద్దాం" చేర్చింది వాడి వల్లే.

పరీక్ష దాటాక `Public` చేసి, `YouTube Studio`లో `Customization`, అందులో `Home tab`కు వెళ్లి, `Channel trailer for people who haven't subscribed` దగ్గర ఈ వీడియోను ఎంచుకోండి. దాని కిందే సబ్‌స్క్రైబ్ చేసుకున్నవాళ్లకు చూపించే వీడియో చోటు ఉంటుంది, అక్కడ మొన్నటి పద్యం పెట్టుకోవచ్చు. ట్రైలర్‌గా ఆడేటప్పుడు మామూలుగా ప్రకటనలు రావు. వేరేవాళ్ల సంగీతం ఉండి దాని మీద వాళ్లు హక్కు చూపితే మాత్రం రావచ్చు. పద్యం మొదలవ్వకముందే సబ్బు ప్రకటన వస్తే ఇంత లెక్కా గంగపాలే.

ఒక నెల తర్వాత ఆ వీడియో అనలిటిక్స్‌లో ఆగి చూసినవాళ్ల గీత చూడండి. దానికి ముందు, వచ్చినవాళ్లలో `Channel pages` నుంచి వచ్చినవాళ్లు ఎంతమందో చూసుకోండి. బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టిన లింకు నుంచి వచ్చినవాళ్లు చివరిదాకా చూస్తారు, వాళ్లను చూసి మురిసిపోవద్దు. గీత మొదటి ఐదారు సెకన్లలోనే పడిపోతే పద్యం ఎత్తుగడ, శబ్దం నాణ్యత అనుమానించాలి. పద్యం మొత్తం విని సరిగ్గా మాటలు మొదలయ్యే చోట పడితే ఆ మొదటి వాక్యం బాగోలేదు. మాకు పాత ట్రైలర్‌లో మొదటిది, రెండో తిరగరాతలో రెండోది జరిగాయి. చివరి పది సెకన్లలో తగ్గితే దిగులు లేదు, "సబ్‌స్క్రైబ్" అనే మాట వినగానే చేసేవాళ్లు చేసేస్తారు, వెళ్లేవాళ్లు వెళ్తారు.

మొన్న సంక్రాంతి తర్వాత అత్తమ్మ కంటి ఆపరేషన్ వల్ల శుక్రవారాలు కుదరక ఆదివారానికి మార్చుకుంది. ట్రైలర్‌లో "శుక్రవారం" రెండు చోట్ల ఉంది. ఆ రెండు మాటలే మళ్లీ చదివి అతికిద్దామని చూశాం, గొంతు కలవలేదు. మధ్యాహ్నం రెండింటికి ఫ్యాన్ ఆపి, మొత్తం మళ్లీ చదివింది. "శుక్రవారం" నాలుగు అక్షరాలు, "ఆదివారం" నాలుగే, కాబట్టి ఒక్క సెకను కూడా మారలేదు.